కూర గిన్నెలో కొవ్వు లెక్క

రక్తపరీక్షలో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉందని తేలిన మర్నాడే మన ఇళ్లలో కోడిగుడ్డు మానేస్తారు. వారం తిరిగేసరికి మటన్ కూడా మానేస్తారు. ఆ రెండింటి చోటా చికెన్ వచ్చి కూర్చుంటుంది, వారానికి మూడు నాలుగు రోజులు. కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె ఇంచుమించు అక్కడే ఉంటుంది. ఇంత నోరు కట్టుకున్నా ఎందుకు తగ్గలేదని దిగులు పడతారు. అలా దిగులుపడి నా దగ్గరికి వచ్చినవాళ్లలో మా మేనల్లుడొకడు. వాడి వారం మెనూను నేనూ, వాడి భార్యా కూర్చుని ముక్కా ముక్కా లెక్క కట్టాం. ఆ లెక్క చాలామందికి పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

వాడికి 51 ఏళ్లు. ఉండేది ఖమ్మంలో. షుగరు లేదు, బీపీ లేదు. రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 242, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 180, ఎల్‌డీఎల్ 164. రెండు నెలలు తిండి సరిచేసి మళ్లీ రమ్మని, మాత్ర సంగతి అప్పుడు చూద్దామని డాక్టరు గారు చెప్పారు. "గుడ్డు మానేశాను మామయ్యా, మటన్ ఆదివారం ఒక్కరోజే, మిగతాదంతా చికెనే. ఇంకేం మానాలి?" అన్నాడు వాడు. మానడం తర్వాత, ముందు ఎక్కడ పెరుగుతోందో చూద్దాం రమ్మన్నాను.

మన రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, ఒంట్లో తయారైనదే. కాలేయం దాన్ని కొవ్వుతో కలిపి చిన్న చిన్న రేణువులుగా రక్తంలోకి వదులుతుంది. అవి కొవ్వును దారిలో కండలకూ కణాలకూ పంచేశాక చివరికి మిగిలేవి ఎల్‌డీఎల్ రేణువులు. వాటిని రక్తంలోంచి వెనక్కి తీసుకునే పని కూడా ఎక్కువగా కాలేయానిదే. అందుకోసం కాలేయ కణాల పైపొర మీద గ్రాహకాలుంటాయి. అవి ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కుంటాయి. అమెరికాలో డాలస్ నగరంలో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు వైద్యులు 1970లలో ఈ గుట్టు విప్పారు. 1985లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది.

చెరువులో నీటిమట్టం వచ్చే నీటిని బట్టే ఉండదు కదా, తూము ఎంత తెరిచి ఉందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. వాన మామూలుగానే కురిసినా తూముకు చెత్త అడ్డుపడితే మట్టం పెరుగుతుంది. ఎల్‌డీఎల్ కూడా అంతే. మనం తినే సంతృప్త కొవ్వు, అంటే నెయ్యి, మాంసపు కొవ్వు, కొబ్బరి, పామాయిల్ లాంటివాటిలో ఎక్కువగా ఉండేది, కాలేయం మీది గ్రాహకాల పనిని తగ్గిస్తుంది. అప్పుడు ఎల్‌డీఎల్ రక్తంలోనే నిలిచిపోతుంది. తిండిలో ఉన్న కొలెస్ట్రాల్ కూడా కొంత పెంచుతుంది కానీ, చాలామందిలో దాని పాలు చిన్నది. కాబట్టి మాంసాహారం తినేవాడు అడగవలసిన మొదటి ప్రశ్న "ఇందులో కొలెస్ట్రాల్ ఎంత" అని కాదు, "ఈ గిన్నె మొత్తంలో సంతృప్త కొవ్వు ఎంత, అందులో నా కంచంలోకి వచ్చేది ఎంత" అని.

ఎంత ఉండొచ్చు? ఎల్‌డీఎల్ తగ్గించుకోవలసినవాళ్లకు రోజు కేలరీల్లో 5 నుంచి 6 శాతానికి మించి సంతృప్త కొవ్వు వద్దని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెబుతుంది. మా వాడు రోజుకు సుమారు 1800 కేలరీలు తింటాడు. గ్రాము కొవ్వుకు 9 కేలరీలు కాబట్టి, 6 శాతమంటే 12 గ్రాములు. రోజుకు 12 గ్రాములు. ఈ ఒక్క అంకెను గుర్తు పెట్టుకుంటే చాలు.

ఇక వాడి ఆదివారం చూద్దాం. కిలో పొట్టేలు మాంసం, ఐదుగురు తినేది. ముక్కలు మెత్తగా ఉడకాలని దుకాణంలో పక్కటెముకలూ, కొవ్వు పట్టిన ముక్కలూ అడిగి వేయించుకుంటారు. ఉడికిన ముక్కలు, ఎముక తీసేస్తే, వాడి కంచంలోకి 150 గ్రాములు వస్తాయి. కొవ్వు తీయని పొట్టేలు మాంసం వండాక 100 గ్రాముల్లో 8 గ్రాముల దాకా సంతృప్త కొవ్వు ఉంటుంది. అంటే ముక్కల్లోనే 12 గ్రాములు. రోజంతటి వాటా అక్కడే అయిపోయింది.

"సరే, ముక్కలు తగ్గిస్తాను" అన్నాడు వాడు. ఆగరా, గిన్నెలో ఇంకా ఉందన్నాను. కోడలిని అడిగితే కూరలో యాభై గ్రాముల ఎండు కొబ్బరి పొడి వేస్తానంది. మన తెలంగాణ మటన్ కూరకు ఆ చిక్కదనం, ఆ కమ్మదనం అక్కణ్ణుంచే వస్తాయి. ఎండు కొబ్బరి బరువులో సగానికి పైగా సంతృప్త కొవ్వే. యాభై గ్రాముల్ని ఐదుగురికి పంచితే తలా పది గ్రాములు, అందులో సంతృప్త కొవ్వు ఐదున్నర గ్రాములు. వేరుశనగ నూనె తలా మూడు చెంచాలు పడుతుంది, దాన్నుంచి రెండున్నర గ్రాములు. ఇక బగారా అన్నంలో నెయ్యి. తలా ఒక పెద్ద చెంచాడు అనుకుంటే 8 గ్రాములు. అన్నీ కలిపితే ఒక్క మధ్యాహ్న భోజనంలో 28 గ్రాములు. అందులో మటన్ వాటా 12. మిగతా 16 కొబ్బరిదీ, నెయ్యిదీ, నూనెదీ. మటన్ మానేసి అదే మసాలాలో చికెన్ వండుకుంటే ఈ 16 గ్రాములు ఎక్కడికీ పోవు. మూడు నాలుగు రోజులు చికెన్ తిన్నా వాడి అంకె ఎందుకు కదల్లేదో ఇప్పుడు అర్థమైందనుకుంటాను.

కోడలు గట్టిది. "మామయ్య గారూ, కొబ్బరి లేకుండా మటన్ కూర ఎలా చిక్కబడుతుంది?" అంది. నువ్వులు, గసగసాలు వేయించి నూరమన్నాను. పది గ్రాముల నువ్వుల్లో కొవ్వు ఐదు గ్రాములున్నా, సంతృప్త కొవ్వు గ్రాము కన్నా తక్కువే. ఉల్లిపాయను బాగా ఎర్రగా వేగనిచ్చి ముద్ద చేసి కలిపితే మిగిలిన చిక్కదనం వస్తుంది. ఇదేమీ కొత్త వంట కాదు, గసాల మసాలాతో మాంసం మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉన్నదే.

ఇప్పుడు ముక్కల సంగతి. దుకాణంలో మటన్ అని అడిగితే మేకో, పొట్టేలో చెప్పి అడగాలి. పొట్టేలుకు కొవ్వు చర్మం కిందా, కండల మధ్యా చేరుతుంది. మేకకు ఎక్కువగా కడుపులో, పేగుల చుట్టూ చేరుతుంది. అందుకని మేక తొడ ముక్క సన్నగా ఉంటుంది, పైకి కనపడే తెల్ల కొవ్వు కోసేస్తే 100 గ్రాముల్లో సంతృప్త కొవ్వు ఒకటి రెండు గ్రాములకు మించదు. మేక దొరక్కపోతే పొట్టేలు తొడే తీసుకుని, కత్తితో కనపడే కొవ్వంతా తీయించండి. కండ నారల మధ్య సన్న గీతల్లా ఉన్న కొవ్వు మాత్రం అలా పోదు.

దానికి ఒక ఉపాయముంది. శనివారం రాత్రే మాంసాన్ని ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో, నూనె చుక్క కూడా వేయకుండా కుక్కర్లో ఉడికించి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. శనివారం గిన్నెలో మాంసం పడకూడదనే ఇల్లయితే ఆదివారం పొద్దున్నే ఉడికించి సాయంత్రం కూర చేసుకోండి. ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలుంటే నీళ్ల మీద తెల్లగా, మైనంలా ఒక పొర గడ్డకడుతుంది. నూనె వేయలేదు కాబట్టి అదంతా మాంసంలోంచి వచ్చినదే. చెంచాతో ఎత్తి పారేసి, కింద ఉన్న నీళ్లతోనే కూర చేసుకోండి. రుచి నీళ్లలో ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. కాళ్ల పాయాకు కూడా ఇదే పద్ధతి. మా కోడలు మొదటిసారి ఆ పొరను చూసి, "ఇంత కొవ్వు వారం వారం ఆయన కంచంలో పోశానా" అని బాధపడింది. తెలియక చేసినదానికి బాధెందుకమ్మా, ఇప్పుడు తెలిసింది కదా అన్నాను.

కొత్త ఆదివారం ఎలా ఉంటుందంటే, అర కిలో మేక తొడ, దానికి తోడు అర కిలో సొరకాయో దోసకాయో. లేదా గోంగూర, చింతచిగురు వచ్చే రోజుల్లో అది. వాడి కంచంలోకి ఉడికిన ముక్కలు 80 గ్రాములు, నూనె రెండు చెంచాలు, నువ్వుల ముద్ద, ఉత్త అన్నం. మొత్తం సంతృప్త కొవ్వు ఐదు గ్రాములు దాటదు. 28 ఎక్కడ, 5 ఎక్కడ! అయినా మటన్ కంచంలోనే ఉంది. పైగా సొరకాయ, ఆకుకూర వల్ల పీచు చేరింది. కడుపు నిండుతుంది, రెండోసారి అన్నం పెట్టుకోవాలనిపించదు. ఇది చిన్న సంగతి కాదు. మటన్ తగ్గించి ఆ ఖాళీని తెల్ల అన్నంతో నింపుకుంటే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, ఎల్‌డీఎల్‌కు రావలసినంత మేలూ రాదు.

ఇలా వండినా వారం వారం మటన్ నేను చెప్పను. రెండు ఆదివారాలకొకసారి చాలు. తలకాయ కూర, భేజా ఫ్రై మాత్రం వాడికి వద్దే వద్దన్నాను. మేక మెదడు 100 గ్రాముల్లో కొలెస్ట్రాల్ సుమారు రెండు వేల మిల్లీగ్రాములు, అంటే పది గుడ్ల పచ్చసొనలకు సమానం. తిండిలో కొలెస్ట్రాల్ పాలు చిన్నదని ఇందాక చెప్పాను, కానీ ఇంత మోతాదులో అది చిన్నది కాదు. కాలేయం ముక్కలు కూడా అంతే, ఇనుము కోసం ఎప్పుడైనా ఒకటి రెండు ముక్కలు సరే, వేపుడు గిన్నె ముందు పెట్టుకోవద్దు.

చికెన్ దగ్గరికి వద్దాం. చికెన్ తెల్ల మాంసం కాబట్టి ఎంత తిన్నా పరవాలేదన్న నమ్మకం గట్టిగా పాతుకుంది. అమెరికాలో ఓక్లాండ్ పిల్లల ఆసుపత్రి పరిశోధన సంస్థలో రొనాల్డ్ క్రౌస్ బృందం దీన్ని జాగ్రత్తగా పరీక్షించి 2019లో ఫలితాలు ప్రచురించింది. వందమందికి పైగా మనుషులకు కొన్ని వారాలు ఎర్ర మాంసం, కొన్ని వారాలు తెల్ల మాంసం, కొన్ని వారాలు మాంసం లేకుండా పప్పులు, గింజల వంటి మాంసకృత్తులు ఇచ్చి చూశారు. సంతృప్త కొవ్వు మోతాదు సమానంగా ఉంచినప్పుడు ఎర్ర మాంసానికీ తెల్ల మాంసానికీ ఎల్‌డీఎల్‌లో తేడా కనపడలేదు. మాంసం లేని తిండిలో మాత్రం రెండింటి కన్నా తక్కువగా ఉంది. సంతృప్త కొవ్వు ఎక్కువ తిన్నవాళ్లకు ఏ తిండితోనైనా ఎల్‌డీఎల్ ఎక్కువే. అక్కడి ఎర్ర మాంసం ముఖ్యంగా గొడ్డు మాంసం, మన మేక కాదు. అయినా నాకు ఇందులోంచి రెండు సంగతులు బోధపడతాయి. చికెన్ మేలంతా దాని కొవ్వు తక్కువగా ఉన్నప్పుడే. మంగళవారం ఆంజనేయస్వామికీ, శనివారం వెంకటేశ్వరస్వామికీ అని మన ఇళ్లలో మాంసం ముట్టని రోజులున్నాయి చూశారూ, ఆ రోజుల్లో పప్పు గట్టిగా తింటే ఎల్‌డీఎల్‌కు అవే మంచి రోజులు. ఆ రోజున పప్పులో నెయ్యి ధారగా పోయకూడదు, అంతే.

కోడిలో కొవ్వు ఎక్కువగా ఉండేది తోలులోనూ తోలు కిందా. తోలు తీసిన రొమ్ము ముక్క వండాక 100 గ్రాముల్లో సంతృప్త కొవ్వు ఒక గ్రాము. తోలు తీసిన తొడ ముక్కలో రెండున్నర దాటి మూడు లోపు. తోలుతో సహా తొడ తింటే నాలుగు పైన. కాబట్టి లెగ్ పీసు తినకూడదని కాదు, తోలు తీయిస్తే చాలు. బ్రాయిలర్ కోడిని చాలా దుకాణాల్లో స్కిన్‌లెస్ అంటే వెంటనే చేసిస్తారు. చిక్కంతా నాటుకోడితో వస్తుంది. దాన్ని మంట మీద కాల్చి, పసుపు రాసి, తోలుతోనే ముక్కలు కొడతారు. ఊరి కోడి కదా ఏం చేస్తుందిలే అని తోలుతో తింటారు. ఆ కాల్చిన వాసన వండేటప్పుడు పులుసులోకి వస్తుంది, తినేటప్పుడు తోలును పక్కన పెట్టవచ్చు. రసం మీద తేలే కొవ్వును మటన్‌కు చెప్పినట్టే తీసేయాలి.

బయటి బిర్యానీ గురించి మా వాడు అడగకుండా ఉంటాడా? దానికి గ్రాముల లెక్క నేను చెప్పలేను, ఒక్కో హోటల్‌ది ఒక్కో చేయి. కానీ తెలుసుకునే దారి చెప్పాను. తెచ్చిన బిర్యానీలోంచి గరిటెడు తీసి గిన్నెలో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టు, పొద్దున మెతుకుల చుట్టూ, గిన్నె అంచున తెల్లగా పేరుకుని ఉంటే అందులో ఉన్నది నెయ్యో, డాల్డానో, పామాయిలో, మాంసపు కొవ్వో అన్నాను. డాల్డాలో గుండెకు బాగా చేటు చేసే ట్రాన్స్ కొవ్వును 2022 నుంచి 2 శాతానికి మించకూడదని మన దేశంలో కట్టడి చేశారు. మంచి పనే. కానీ ట్రాన్స్ కొవ్వు పోయినంత మాత్రాన డాల్డా సంతృప్త కొవ్వు కాకుండా పోదు. ఆ పరీక్ష చేశాక బిర్యానీని నెలకోసారికి వాడే దించుకున్నాడు.

చేపల విషయంలో నాకు ఒక పక్షపాతం ఉంది, దాచను. మాంసాహారి కంచంలో ఎల్‌డీఎల్‌కు అన్నిటికన్నా అనుకూలమైనది చేపల పులుసు. ఖమ్మంలాంటి ఊళ్లో రోజూ దొరికేవి శీలావతి, బొచ్చె, కొరమీను. వీటిలో సంతృప్త కొవ్వు బాగా తక్కువ. బొచ్చె పొట్ట ముక్క మాత్రం కాస్త కొవ్వుగా ఉంటుంది. సముద్రం దగ్గరున్నవాళ్లకు కానాగంతలు, కవళ్లు, నెత్తళ్లు దొరుకుతాయి. వీటిలో ఒమేగా-3 కొవ్వు ఎక్కువ, ధర కూడా వంజరం, చందువల కన్నా తక్కువ.

ఒమేగా-3 అనగానే అది ఎల్‌డీఎల్‌ను కరిగిస్తుందని అనుకుంటారు. కరిగించదు. అది తగ్గించేది ముఖ్యంగా ట్రైగ్లిజరైడ్లను. చేప తింటే ఎల్‌డీఎల్ తగ్గడానికి కారణం, ఆ రోజు కంచంలో చేప ఉన్నచోట కొవ్వు మాంసం లేకపోవడం. అందుకే వాడు తెచ్చి చూపించిన చేపనూనె గోలీలను నేను ఎల్‌డీఎల్ మందుగా ఒప్పుకోలేదు. ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువున్న కొందరిలో అవి ఎల్‌డీఎల్‌ను కాస్త పెంచుతాయి కూడా. వేసుకోవాలో వద్దో డాక్టరు చెప్పాలి, దుకాణం వాడు కాదు.

చేప ఎంత మంచిదైనా వండేతీరులో చెడగొట్టొచ్చు. నూనెలో మునిగేలా వేయించిన ముక్క ఆ నూనెను పీల్చుకుంటుంది. పెనం మీద రెండు చెంచాల నూనెతో, మూత పెట్టి రెండు పక్కలా కాల్చుకుంటే సరిపోతుంది. పులుసుకైతే చింతపండు, మెంతులు, కాలం వస్తే మామిడికాయ చాలు, రుచి వాటిదే. నూనె పైకి తేలితేనే పులుసు అన్న మాటను మా కోడలు తన అత్తగారి దగ్గర, అంటే మా చెల్లెలి దగ్గర, నేర్చుకుంది. మా చెల్లెలి చేతి పులుసు నాకూ ప్రాణమే. అయినా గిన్నెకు నాలుగు చెంచాలతో చేయమన్నాను. చేసింది, మర్నాటికి ఇంకా బాగుంది. ఉప్పు చేపలు మాత్రం తరచుగా వద్దు. వాటితో గొడవ కొవ్వు కాదు, బీపీ.

రొయ్యలంటే వాడికి భయం, ఎవరో కొలెస్ట్రాల్ బాంబులని చెప్పారట. 100 గ్రాముల రొయ్యల్లో కొలెస్ట్రాల్ దాదాపు ఒక పెద్ద గుడ్డులో ఉన్నంతే ఉంటుంది. సంతృప్త కొవ్వు అర గ్రాము కూడా ఉండదు. మటన్ లేని ఆదివారం రొయ్యల కూర తినొచ్చు, ఆ రోజుకు గుడ్డు మానేస్తే సరి.

ఇక పాపం, అందరికన్నా ముందు శిక్ష పడిన కోడిగుడ్డు. పెద్ద గుడ్డు ఒకదానిలో కొలెస్ట్రాల్ 185 మిల్లీగ్రాముల పైచిలుకు, సంతృప్త కొవ్వు గ్రామున్నర. రెండూ పచ్చసొనలోనే. తెల్లసొనలో రెండూ లేవు. 1991లో అమెరికాలో ఒక వైద్య పత్రికలో విచిత్రమైన ముసలాయన సంగతి వచ్చింది. 88 ఏళ్ల వయసు, ఏళ్ల తరబడి రోజుకు పాతిక గుడ్లు తింటున్నాడు, రక్తంలో కొలెస్ట్రాల్ మామూలుగానే ఉంది. పరీక్షించిన డాక్టరు ఫ్రెడ్ కెర్న్‌కు తేలిందేమిటంటే, ఆయన పేగులు ఆ కొలెస్ట్రాల్‌లో చిన్న భాగాన్నే లోపలికి తీసుకుంటున్నాయి. పైగా ఆయన కాలేయం కొలెస్ట్రాల్‌ను పిత్తామ్లాలుగా మార్చి ఎక్కువగా బయటకు పంపుతోంది. అందరి ఒళ్లూ అలా సర్దుకోవు. కొందరికి గుడ్లు పెంచితే అంకె కదలదు, కొందరికి చప్పున పెరుగుతుంది. ఎవరు ఏ జాతో మొహం చూసి చెప్పలేం, రక్తపరీక్షే చెప్పాలి.

అందుకని ఎల్‌డీఎల్ పెరిగి ఉన్నవాడికి నేను మధ్యదారి చెబుతాను. వారానికి నాలుగు పచ్చసొనలు, తెల్లసొన ఇష్టమైనంత. మా వాడు గుడ్డును ఆరు నెలలుగా ముట్టలేదు. దానికి బదులు పొద్దున్నే తింటున్నది నెయ్యి దోశ. రెండు ఉడికించిన గుడ్లలో సంతృప్త కొవ్వు మూడు గ్రాములు. ఒక పెద్ద చెంచాడు నెయ్యిలో ఎనిమిది. గుడ్డును వెళ్లగొట్టి వాడు నెయ్యిని పిలిచి కూర్చోబెట్టాడు.

ఇన్ని లెక్కలు కట్టాక కూడా నాకు ఏదో సరిపోలేదనిపించింది. పాల ప్యాకెట్ చూపించమన్నాను. ఫుల్ క్రీమ్ పాలు, 6 శాతం వెన్న. కాఫీలకూ, పెరుగుకూ కలిపి వాడికి రోజుకు 300 మిల్లీలీటర్లు. అందులో సంతృప్త కొవ్వు 11 గ్రాములు. మాంసం ముక్క నోట్లో పెట్టకముందే రోజు వాటా పాలల్లో కరిగిపోతోంది! డబుల్ టోన్డ్ పాలకు మారిస్తే అది మూడు గ్రాముల లోపుకు వస్తుంది. ఆ ఒక్క మార్పు చేయకపోతే మిగతా లెక్కంతా దండగ అయ్యేది. పెరుగు పలుచగా ఉందని మొదటి వారం గొణిగాడు, తర్వాత అలవాటు పడ్డాడు.

అలా కుదిరిన వారం ఇది. ఆదివారం ఒక వారం మేక మాంసం, ఒక వారం రొయ్యలు. సోమవారం రాత్రి రెండు గుడ్ల పులుసు. మంగళవారం పప్పు, ఆకుకూర. బుధవారం పొద్దున ఒక ఉడికించిన గుడ్డు, మధ్యాహ్నం శీలావతి పులుసు. గురువారం శనగలో, అలసందలో గుగ్గిళ్లుగానో కూరగానో. శుక్రవారం పొద్దున ఇంకో గుడ్డు, మధ్యాహ్నం తోలు తీసిన చికెన్, మెంతికూరతో. రాత్రికి మాంసం లేదు. శనివారం పప్పు. వారానికి రెండుసార్లు చేప ఉంటే మరీ మంచిది, ఇందులో రెండో చేప లేదని మీరు పట్టుకుంటారు. మంచి చేప దొరికిన వారం శుక్రవారం చికెన్ బదులు చేపే తెచ్చుకోమన్నాను. ఒక పూట ముక్కలు ఉడికాక 80 నుంచి 100 గ్రాములు, అంటే అరచేతి మందాన, అరచేయంత. వేళ్లు కలపకూడదు.

ఎనిమిది వారాలు పోయాక అదే ల్యాబులో పరీక్ష చేయించాడు. మధ్యలో జ్వరం వచ్చి ఉంటే ఇంకొన్ని వారాలు ఆగమనేవాణ్ణి. జబ్బు పడినప్పుడు ఎల్‌డీఎల్ తాత్కాలికంగా పడిపోయి, తిండి వల్ల తగ్గిందని భ్రమ కలిగిస్తుంది. ఈసారి మొత్తం కొలెస్ట్రాల్ 214, హెచ్‌డీఎల్ 42, ట్రైగ్లిజరైడ్లు 150. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతునూ తీసేస్తారు. 214 లోంచి 42, మరో 30 పోతే 142. మొదటి రిపోర్టుతో పోల్చుకోండి, 242 లోంచి 42, మరో 36 పోతే 164. ఇరవై రెండు తగ్గింది, నూటికి పదమూడు పాళ్లు. తిండి మార్పుతో మామూలుగా వచ్చేది ఈ పాటి తగ్గుదలే. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, నేరుగా కొలిపించుకోవాలి.

అయినా డాక్టరు గారు చిన్న మోతాదులో స్టాటిన్ రాశారు. కారణం, వాడి తండ్రికి, అంటే మా బావగారికి, 49వ ఏట గుండెపోటు వచ్చింది. మా వాడు నీరుగారిపోయాడు. "మాత్ర ఎలాగూ తప్పలేదు, ఈ సొరకాయ మటన్ ఎందుకు మామయ్యా?" అన్నాడు. స్టాటిన్ చేసే పని కూడా ఆ తూము దగ్గరేరా అన్నాను. అది కాలేయంలో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తుంది, లోపల కొరత పడ్డ కాలేయం బయట గ్రాహకాలను పెంచుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. నువ్వు ఒకవైపు మాత్రతో తూము తెరుస్తూ, ఇంకోవైపు 28 గ్రాముల కూరతో అడ్డం పెడితే మోతాదు పెంచాల్సి వస్తుంది. ఇప్పటికే గుండెపోటు వచ్చినవాళ్లకూ, ఎల్‌డీఎల్ 190 దాటినవాళ్లకూ తిండి ఒక్కటే ఎప్పటికీ సరిపోదు. వాళ్లు పథ్యం పేరు చెప్పి మాత్ర మానడం ప్రమాదం. థైరాయిడ్ మందగించినా ఎల్‌డీఎల్ పెరుగుతుంది కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాడు, బాగానే ఉంది.

మిగిలింది పిల్లల సంగతి. తాతకు 49కే గుండెపోటు, తండ్రికి ఎల్‌డీఎల్ ఎక్కువ అన్నప్పుడు పిల్లలిద్దరికీ ఇప్పుడే ఒకసారి చూడాలి. గ్రాహకాల లోపం పుట్టుకతోనే వచ్చే కుటుంబాలుంటాయి. అలాంటివాళ్లకు చిన్న వయసులోనే ఎల్‌డీఎల్ 190 పైన ఉంటుంది, కొందరికి మడమ వెనక స్నాయువు లావెక్కి గడ్డలా తగులుతుంది. మా వాడి అంకెలు అంత లేవు కానీ, పిల్లలకు అమ్మ వైపు నుంచి ఏం వచ్చిందో కూడా తెలియాలి కదా. వాళ్లు హైదరాబాదులో చదువుకుంటున్నారు, పొద్దున్నే పరగడుపున వెళ్లడానికి బద్ధకిస్తున్నారని కోడలు చెప్పింది. పరగడుపు అక్కర్లేదమ్మా అన్నాను. మొదటిసారి చూడటానికి తిన్నాక ఇచ్చిన రక్తమైనా చాలు, ట్రైగ్లిజరైడ్లు బాగా ఎక్కువ కనపడితేనే మళ్లీ పరగడుపున ఇవ్వాలి.